వాడుకున్నోళ్లు కట్టాలా, ఉన్నోళ్లు కట్టాలా: పన్నుల మీద ఫోన్-ఇన్

యాంకర్: నమస్తే అండి, ఈరోజు పన్నుల గురించి మాట్లాడుకుంటున్నాం, మనతో ఎకనామిక్స్ చెప్పి రిటైరైన లెక్చరర్ గారు ఉన్నారు. ఫస్ట్ కాల్ తీసుకుందాం. హలో, చెప్పండమ్మా.

కాలర్: నమస్తే అండి, నాకూ మా తమ్ముడికీ ఎప్పుడూ ఇదే గొడవ సార్. ఎవరికి ఎంత ఉపయోగం ఉంటే వాళ్లు అంత పన్ను కట్టాలి, ఇంకొకళ్ల లాభానికి నేనెందుకు కట్టాలి అంటాడు వాడు. నేనేమో ఉన్నవాళ్లు ఎక్కువ కట్టాలి, లేనివాళ్ల దగ్గర ఏం తీసుకుంటారు అంటా. ఎవరిది కరెక్ట్?

లెక్చరర్: మీ ఇంట్లో గొడవ చాలా పాతదేనమ్మా, 1776లో ఆడమ్ స్మిత్ అనే ఆర్థికవేత్త ఈ రెండిటినీ ఒకే వాక్యంలో కలిపేశాడు. ఎవరి శక్తి కొద్దీ వాళ్లు కట్టాలి అంటూనే, శక్తి అంటే ప్రభుత్వ రక్షణలో వాళ్లు అనుభవించే ఆదాయం అన్నాడు. అంటే మీరూ గెలిచారు, మీ తమ్ముడూ గెలిచాడు (నవ్వు). మీ తమ్ముడిది ప్రయోజన సూత్రం, మీది చెల్లింపు సామర్థ్య సూత్రం. ఒక లెక్క వేద్దాం, పెన్ను ఉందా?

కాలర్: ఆ ఉంది సార్, చెప్పండి.

లెక్చరర్: ఏటి పక్కన మూడు ఇళ్లు ఉన్నాయి అనుకోండి, వరద ఆపడానికి కట్ట వెయ్యాలి. ఖర్చు 10. పల్లంలో ఉన్న ఇంటి ఆదాయం 10, మధ్య ఇంటిది 30, మెరక మీద ఇంటిది 60. కట్ట లేకపోతే పదేళ్లలో పల్లం ఇంట్లోకి 6 సార్లు నీళ్లొస్తాయి, మధ్య ఇంటికి 3 సార్లు, మెరక ఇంటికి ఒక్కసారి. ఇప్పుడు మీ తమ్ముడి లెక్క ప్రకారం ఎవరు ఎంత కట్టాలి?

కాలర్: మరి... 6, 3, 1 కదా సార్? అయ్యో, పల్లం వాళ్లకి ఆదాయమే 10 కదా!

లెక్చరర్: అదీ. 10లో 6 పోతుంది, 60 ఉన్న ఆయనేమో 1 కట్టి ఊరుకుంటాడు. 1848లో జాన్ స్టువర్ట్ మిల్ అనే ఇంకో ఆర్థికవేత్త పట్టుకున్న పాయింట్ ఇదే. రక్షణ ఎవరికి ఎక్కువ అవసరం? బలహీనులకి. మరి లాభాన్ని బట్టి పన్ను అంటే అందరికన్నా ఎక్కువ వాళ్లే కట్టాల్సొస్తుంది కదా అన్నాడు.

కాలర్: అంటే నేనే గెలిచినట్టు.

లెక్చరర్: ఆగండాగండి, తొందరపడకండి. మనం లాభాన్ని నీళ్లు ఎన్నిసార్లొచ్చాయి అన్నదాంతో కొలిచాం. అలా కాకుండా ఎంత నష్టం తప్పింది అని కొలుద్దాం. పల్లం ఇంట్లో సామాను తక్కువ, వచ్చినప్పుడల్లా 1 నష్టం, 6 సార్లకి 6. మధ్య ఇంట్లో సారికి 4, మొత్తం 12. మెరక ఇల్లు ఖరీదైంది, ఒక్కసారి వచ్చినా 12 పోతుంది. మొత్తం 30 నష్టం తప్పింది, ఖర్చు 10, ఆ నిష్పత్తిలో పంచితే పల్లం వాళ్లు 2, మిగతా ఇద్దరూ చెరో 4. సూత్రం మారలేదు, మీ తమ్ముడిదే, కానీ పేదింటి వాటా 6 నుంచి 2కి దిగింది. అందుకే ప్రయోజన సూత్రం అనగానే పేదవాడిని కొట్టేదే అనుకోకూడదు, లాభాన్ని ఏ కొలతతో కొలుస్తున్నారు అని ముందు అడగాలి.

యాంకర్: సార్, ఈ కొలత గోలంతా ఎందుకు, నీకెంత లాభం, ఎంత ఇస్తావు అని వాళ్లనే అడిగేస్తే సరిపోదా?

లెక్చరర్: అది స్వీడన్ ఆర్థికవేత్తలు ఆలోచించిందే. 1896లో విక్సెల్, 1919లో లిండాల్. ఎవరు ఎంత ఇవ్వడానికి ఒప్పుకుంటారో అదే వాళ్ల పన్ను అన్నమాట. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంటుంది. చిక్కేంటంటే కట్ట పడ్డాక డబ్బివ్వనివాడి ఇంట్లోకి మాత్రమే నీళ్లు వదల్లేం కదా, అందుకని మెరక మీదాయన నాకు కట్ట అవసరమే లేదండీ అనేసి హాయిగా కూర్చుంటాడు, కాసేపటికి మధ్య ఇంటాయన కూడా అదే పాట పాడతాడు, చివరికి కట్టే పడదు. నిజం చెప్పినవాడికే శిక్ష.

కాలర్: మరి నా పద్ధతిలో ఈ తలనొప్పి లేదు కదా సార్?

లెక్చరర్: ఆ తలనొప్పి లేదు, ఇంకోటుంది. మీ లెక్క ప్రకారం ఎంతెంత?

కాలర్: 1, 3, 6... కాదు కాదు, పల్లం వాళ్లని వదిలేసి మెరక ఆయన దగ్గరే ఇంకా ఎక్కువ తీసుకోవాలి.

లెక్చరర్: చూశారా, మీ దగ్గరే రెండు లెక్కలున్నాయి. 1, 3, 6 అంటే అందరికీ ఒకే శాతం. రెండోది, ఆదాయం పెరిగేకొద్దీ శాతం కూడా పెరగాలి అంటున్నారు. మిల్ అయితే అందరికీ సమానమైన త్యాగం ఉండాలన్నాడు, చాలామంది దీన్నుంచి పెద్దాదాయాల మీద ఎక్కువ శాతం దానంతటదే వచ్చేస్తుంది అనుకుంటారు. రాదు. ఆదాయం రెట్టింపైతే అదనంగా వచ్చే డబ్బు విలువ సరిగ్గా సగానికి పడిపోతుంది అనుకుంటే, అందరి దగ్గరా ఒకే శాతం తీసుకుంటేనే త్యాగం సమానం. విలువ అంతకన్నా వేగంగా పడిపోతేనే శాతం పెరగాలి. ఎంత వేగంగా పడుతుందో మనుషుల మనసులోకి తొంగిచూసి కొలిచే మీటరు లేదు. అందుకే సామర్థ్యం అన్నాక కూడా రేటు ఎంత అన్నది చివరికి జనం తేల్చుకోవాల్సిందే.

కాలర్: మరి తమ్ముడికి ఏం చెప్పమంటారు?

లెక్చరర్: ఒక్క ప్రశ్న అడగండి. సంపాదన లేని ముసలాళ్లకి ప్రభుత్వం పెన్షన్ ఇస్తోంది, దాని లాభం ఎవరిది? వాళ్లదే. నీ సూత్రం ప్రకారం ఆ పన్ను కూడా వాళ్లే కట్టాలి, ఇచ్చిందంతా వెనక్కి తీసుకున్నట్టే కదరా అనండి. ఉన్నవాళ్ల నుంచి లేనివాళ్లకి ఇవ్వడమే ఉద్దేశమైన చోట ప్రయోజన సూత్రం అస్సలు పనిచెయ్యదు. వంతెన టోల్ లాంటి చోట, వాడింది ఎవరో తెలిసినప్పుడు, మాత్రం అతనితో వాదించకండి.

యాంకర్: థాంక్యూ అమ్మా. ఇంకో కాల్. హలో?

కాలర్ 2: సార్ నమస్తే, పెట్రోల్ మీద పన్ను రోడ్ల కోసమే అంటారు కదా, ఎక్కువ తిరిగేవాడు ఎక్కువ కొట్టిస్తాడు, ఎక్కువ కడతాడు, బానే ఉంది. మరి ఎలక్ట్రిక్ కారు వాడు అదే రోడ్డు మీద తిరుగుతూ ఆ పన్ను కట్టట్లేదు కదా, ఇదేం న్యాయం?

లెక్చరర్: కరెక్టే, పెట్రోల్ పన్ను వాడకాన్ని సూటిగా కొలవదు, ఇంధనం అనే మారు కొలతతో కొలుస్తుంది, బండి మారితే ఆ కొలత విరిగిపోతుంది. అందుకే న్యూజిలాండ్‌లో 2024 ఏప్రిల్ 1 నుంచి ఎలక్ట్రిక్ కార్ల మీద కూడా కిలోమీటర్ల లెక్కన రోడ్డు చార్జీ మొదలుపెట్టారు.

కాలర్ 2: అయితే కిలోమీటర్ల లెక్క పెడితే అంతా సెట్ అయిపోతుందా?

లెక్చరర్: అవ్వదండి, బరువు కూడా చూడాలి. ఇంజనీర్ల బండ లెక్కలో ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకి దెబ్బ దాదాపు 16 రెట్లు, కాబట్టి కారుకీ బరువు లారీకీ ఒకే రేటంటే లారీ దెబ్బకి కారు వాడు కడుతున్నట్టు. ఇంకోటి, అద్దెలు భరించలేక దూరంగా ఉంటూ రోజూ పనికి బండి మీద వచ్చేవాడికి కిలోమీటర్లు ఎక్కువే పడతాయి, ఇక్కడ మళ్లీ ఇందాకటి అక్కగారి వాదన వచ్చి కూర్చుంటుంది. నన్నడిగితే రోడ్డు చార్జీని బరువూ దూరం బట్టే ఉంచి, ఆయనకి సాయం ఆదాయపు పన్ను వైపు నుంచి చెయ్యాలి. చార్జీలోనే రాయితీలు ఇరికిస్తే ఎవరు ఎంత రోడ్డు పాడు చేస్తున్నారో ఆ లెక్కే పోతుంది.

కాలర్ 2: ఆదాయపు పన్ను కట్టేంత సంపాదనే లేనివాడికి అటువైపు నుంచి ఏం సాయం చేస్తారు సార్?

లెక్చరర్: మంచి ప్రశ్న వేశారు. వాళ్లకి పన్ను తగ్గింపు ఇచ్చి లాభం లేదు, నేరుగా అకౌంట్‌లో డబ్బు వెయ్యాల్సిందే, ఆ డబ్బు సామర్థ్యం బట్టి వసూలు చేసిన పన్నులోంచే రావాలి.

యాంకర్: టైమ్ అయిపోయింది సార్, లైన్‌లో ఉన్న మిగతావాళ్లు సారీ అండి, వచ్చే ప్రోగ్రామ్‌లో మీ కాల్స్ ముందు తీసుకుంటాం.