షేర్ చేసిన షీట్‌లో అంకెలు ఎందుకు కనిపించవు?

హోస్ట్: మీటింగ్‌లో ఎవరో ఎక్సెల్ షీట్ షేర్ చేసి "కనిపిస్తోందా?" అంటారు. స్క్రీన్ కనిపిస్తుంది, అంకెలు కనిపించవు. మీరు ఆఫీసులో ఐటీ సపోర్ట్ చూస్తారు కదండీ, తప్పంతా నెట్‌దేనా?

అతిథి: నెట్‌ని తిట్టడం మనకు అలవాటు. స్క్రోల్ చేసేటప్పుడు మసకబారి, ఆపాక ఒకట్రెండు సెకన్లలో అక్షరం తేరుకుంటే అది నెట్ సంగతే. ఎంతసేపు ఆపినా తేరుకోకపోతే మాత్రం పిక్సెల్స్ చాలట్లేదని.

హోస్ట్: షేర్ చేసేది ఫోర్‌కే మానిటర్ నుంచైతే చాలకపోవడమేంటి?

అతిథి: చిక్కంతా అక్కడే! ఫోర్‌కే అంటే అడ్డంగా 3840 పిక్సెల్స్. చూసేవాళ్ల పాత ల్యాప్‌టాప్‌లో 1366. బొమ్మంతా దాదాపు 2.8 రెట్లు కుంచించుకుపోవాలి. అక్షరాల సైజు పెంచే స్కేలింగ్ సెట్టింగ్ 100 శాతంలో ఉంటే ఎక్సెల్‌లో 11 సైజు ఫాంట్ సుమారు 15 పిక్సెల్స్. అవతలికి చేరేసరికి ఐదు. ఐదు పిక్సెల్స్‌లో 6 ఏదో 8 ఏదో ఎలా తెలుస్తుంది? తెలుగైతే మరీ ఘోరం, ముందు ఒత్తులే మాయమవుతాయి.

హోస్ట్: మరి రిజల్యూషన్ తగ్గించాలా, స్కేలింగ్ పెంచాలా?

అతిథి: విండోస్‌లో Settings > System > Display తెరిస్తే రెండూ ఉంటాయి. Scale 200 శాతం చేసినా, Scale 100లోనే ఉంచి Display resolution 1920 × 1080 చేసినా, అవతల అక్షరం సైజు ఒకటే, పది పదకొండు పిక్సెల్స్. నేనైతే రెండోదే చేయమంటా. పంపాల్సిన పిక్సెల్స్ నాలుగో వంతుకు తగ్గుతాయి. పైగా ఫోర్‌కేకి అది అటూ ఇటూ సరిగ్గా సగం. 2560 × 1440 పెడితే లెక్క కుదరక మీ మానిటర్ మీదే మసగ్గా ఉంటుంది.

హోస్ట్: ప్రతి మీటింగ్‌కీ ఇదంతా ఎవరు మారుస్తారండీ!

అతిథి: మార్చక్కర్లేదు. స్క్రీన్ మొత్తం కాకుండా ఎక్సెల్ విండో ఒక్కటే షేర్ చేయండి, దాన్ని మానిటర్‌లో సగం వెడల్పుకు, సగం ఎత్తుకు కుదించి. అప్పుడు 1920 పిక్సెల్స్ వెళ్లి 1366లో సర్దుకుంటాయి. ఎక్సెల్ జూమ్ కూడా 150 చేస్తే అవతల అక్షరం 16 పిక్సెల్స్ వస్తుంది. అడ్డు వరుసలూ నిలువు వరుసలూ తక్కువ పడతాయి, అంతే. చదవలేని ఇరవై వరుసలకంటే చదవగలిగే ఎనిమిది నయం కదా.

హోస్ట్: ఇబ్బందేమీ లేదా?

అతిథి: ఒకటుంది. కొన్నిసార్లు ఆ విండోలోంచి తెరుచుకునే డైలాగ్ బాక్సులు అవతలివాళ్లకు కనిపించవు. అవి చూపించాల్సి వస్తే రిజల్యూషన్ మార్చుకోవడమే. ఇంకోటి, మీటింగ్ జూమ్ యాప్‌లో అయితే Optimize for video clip టిక్ ఉంటే తీసేయండి. అది వీడియోలు చూపించడానికి. షీట్ షేర్ చేసేటప్పుడు పెడితే అక్షరాలు మసకబారొచ్చు.

హోస్ట్: బాగుందో లేదో మనకెలా తెలుస్తుంది? మన స్క్రీన్‌లో ఎప్పుడూ బాగానే ఉంటుంది కదా.

అతిథి: అందుకే మన స్క్రీన్ చూసి నమ్మకూడదు. మీటింగ్‌కి ముందు పాత ల్యాప్‌టాప్‌తో అదే కాల్‌లో చేరి, అందరి ముఖాలూ పక్కన ఉండగానే చూడండి. ఆ ముఖాల వరుస కూడా మన షీట్ చోటు కొంత తినేస్తుంది.

హోస్ట్: ఫోన్‌లో చూసేవాళ్ల మాటేంటి?

అతిథి: వాళ్లు వేళ్లతో పెద్దది చేసుకుంటారు. కానీ ఏ గడి గురించి మాట్లాడుతున్నారో నోటితో కూడా చెప్పండి, పాపం వాళ్లు ఎక్కడో మూలన వెతుక్కుంటుంటారు.