మతం లేదన్నవాళ్ళంతా నాస్తికులేనా?

అధ్యక్షులకు, సభకు నమస్కారం. నాకిచ్చింది ఇరవై నిమిషాలు. అందులో ఐదు నా పరిచయానికే పోయాయి, కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. మతం లేని మనుషుల గురించి రాసేవాళ్ళు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. మీ మీద నాకో ఫిర్యాదు ఉంది.

అమెరికాలో ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024 జనవరిలో ఒక లెక్క ఇచ్చింది. అక్కడి పెద్దవాళ్ళలో 28 శాతం మంది తమకు ఏ మతమూ లేదన్నారు. దాన్ని మనవాళ్ళు "28 శాతం నాస్తికులు" అని రాసేస్తున్నారు. అదే నివేదికలో ఇంకాస్త కిందికి చదవండి. ఆ 28 శాతంలో నాస్తికులమని చెప్పుకున్నది 17 శాతమే. ఇంకో 20 శాతం అజ్ఞేయవాదులు, అంటే దేవుడున్నాడో లేడో తెలియదనేవాళ్ళు. మిగిలిన 63 శాతం "ప్రత్యేకంగా ఏమీ కాదు" అన్నవాళ్ళు. నూరు మందిని నిలబెడితే నాస్తికులమనేవాళ్ళు ఐదుగురు తేలతారు. ఐదుగురిని ఇరవై ఎనిమిది మందిని చేసేశాం!

తప్పు మన మాటలోనే ఉందేమో. పాతకాలంలో నాస్తికుడంటే దేవుణ్ణి కాదన్నవాడు కాదు, వేదాన్ని కాదన్నవాడు. వేదాన్ని ఒప్పుకుంటూనే సృష్టికర్త అక్కర్లేదన్న మీమాంసకులు ఆస్తికుల వరుసలోనే కూర్చున్నారు. బౌద్ధులు, జైనులు నాస్తికులయ్యారు. అంటే నమ్మకం వేరు, ఎటువైపు మనిషివన్నది వేరు. ఇది మనకు ఎప్పటినుంచో తెలిసిన తేడాయే. సర్వేల దగ్గరికొచ్చేసరికి మర్చిపోతున్నాం.

ఇక్కడ సర్వే పద్ధతుల గురించి వరుసగా చెబుదామనుకున్నాను. ముందు ఒక పెద్దాయన సంగతి చెప్పనివ్వండి.

కుర్రతనంలో నేను సర్వే కాగితాలు నింపే పని చేశాను. ఒక ఇంట్లో పెద్దాయన్ని "మీదే మతం?" అని అడిగాను. ఆయన నోరు తెరిచేలోపే కొడుకు చెప్పేశాడు, నేను రాసేసుకున్నాను. వీధి చివరికి వచ్చాక వెనక నుంచి పిలుపు. ఆయనే, ఆయాసపడుతూ వచ్చాడు. "నేను నమ్మడం మానేసి చాలా కాలమైంది బాబూ" అన్నాడు. కొట్టేయమంటారా అని కలం తీశాను. "వద్దు వద్దు, అలాగే ఉంచు" అన్నాడు. ఉంచాను. అది అబద్ధమా నిజమా అని అడిగితే ఇప్పటికీ చెప్పలేను.

ఇలాంటివాళ్ళను లెక్కపెట్టాలని విల్ జెర్వే, మాక్సీన్ నాజ్లే అనే పరిశోధకులు ఒక కిటుకు వాడారు. 2018లో అచ్చయిన పని. కొందరికి మామూలు వాక్యాల జాబితా ఇస్తారు: శాకాహారిని, కుక్కను పెంచుతున్నాను, ఇలాంటివి. ఏవి వర్తిస్తాయో చెప్పక్కర్లేదు, ఎన్ని వర్తిస్తాయో అంకె చెబితే చాలు. ఇంకో గుంపుకు అదే జాబితాలో "నేను దేవుణ్ణి నమ్మను" అన్న వాక్యం కలుపుతారు. మొదటి గుంపు సగటు 3.00, రెండోది 3.26 వచ్చిందనుకోండి. ఆ 0.26 తేడాయే నమ్మనివాళ్ళు, అంటే 26 శాతం. ఎవరు నమ్మరో అడిగినవాడికి కూడా తెలియదు. వాళ్ళకు అమెరికాలో నిజంగా వచ్చిన అంచనా కూడా 26 శాతమే.

ఈ అంకె రాసేవాళ్ళు రెండో సంగతి రాయరు. అదే కిటుకుతో వాళ్ళు "రెండూ రెండూ కలిపితే 13 కంటే తక్కువని నేను నమ్మను" అన్న వాక్యాన్ని కూడా పరీక్షించారు. దాన్నీ మూడో వంతు మంది ఒప్పుకున్నట్టు తేలింది! జనానికి లెక్కలు రాకనా? కాదు, "నమ్మను" అన్న తిరకాసు వాక్యం తికమక పెట్టి ఉండొచ్చు. పైగా రెండు సగటుల మధ్య తేడా మీద నడిచే లెక్క కాబట్టి వేలమంది కావాలి. ఈ హాల్లో చేస్తే వచ్చేది ఉత్త గాలి అంకె.

ప్రశ్న ఎలా అడిగామన్నదీ తక్కువ సంగతి కాదు. 2011లో ఇంగ్లండ్, వేల్స్ జనగణన "మీ మతం ఏది?" అని అడిగితే, లేదన్నవాళ్ళు 25 శాతం. ఆ రోజుల్లోనే ఒక బ్రిటిష్ సర్వే "ఏదైనా మతానికి చెందినవారిగా మిమ్మల్ని మీరు అనుకుంటున్నారా?" అని అడిగితే దాదాపు సగం మంది లేదన్నారు. మొదటి ప్రశ్న మతం ఉందనుకునే మొదలవుతుంది కదా.

ఇక "ఆధ్యాత్మికత ఉంది, మతం లేదు" అనేవాళ్ళు. వీళ్ళు గుడికీ చర్చికీ దూరమైనవాళ్ళని మీరంతా రాశారు, ఒకప్పుడు నేనూ రాశాను. 2017లో ప్యూ రెండు ప్రశ్నలు విడివిడిగా అడిగింది: మీరు మతపరమైన మనిషేనా, ఆధ్యాత్మిక మనిషేనా? మొదటిదానికి కాదని, రెండోదానికి అవునని అన్నవాళ్ళు 27 శాతం. అందులో ఏ మతమూ లేనివాళ్ళు 37 శాతమే. మిగతావాళ్ళలో ఎక్కువమంది క్రైస్తవులమనే చెప్పుకున్నారు! కాబట్టి దయచేసి వీళ్ళను తీసుకెళ్ళి ఆ 28 శాతంలో కలపకండి.

గంట కొట్టారు. ప్రశ్నలుంటే అడగండి. "ఇంతకీ మీరు నమ్ముతారా?" అని మాత్రం ఇంతమందిలో అడక్కండి. మా అబ్బాయి ముందు వరుసలో కూర్చున్నాడు.