పసిబిడ్డ మీద వేడి టీ పడితే ముందు చేయాల్సింది ఇదే

[దృశ్యం: వంటగది గట్టు మీద టీ గ్లాసు]

ఈ గ్లాసులో టీ పోసి పది నిమిషాలైంది. నేను ఊదుకోకుండానే తాగేస్తాను. కానీ ఇదే టీ పసిబిడ్డ మీద పడితే బొబ్బలెక్కుతుంది, ఎందుకంటే వాళ్ల చర్మం మనకన్నా చాలా పలచన. చేతికందే గ్లాసు ఏదైనా లాగే వయసు కూడా అదే కదా.

పోయిన మే నెలలో మర్రిపాలెంలో మా అక్క వాళ్లింట్లో నా కళ్ల ముందే జరిగింది. బాబుకి తొమ్మిది నెలలు. అక్క వాణ్ణి ఒళ్లో పెట్టుకుని టీ తాగుతూ, గేటు దగ్గర ఎవరో పిలిస్తే ఇలా తల తిప్పింది, అంతే, వాడు గ్లాసు పట్టుకుని లాగేశాడు. టీ మెడ కింద నుంచి ఛాతీ మీదుగా చొక్కాలోకి, అక్కణ్ణుంచి డైపర్ దాకా జారింది.

అక్క వాళ్ల అత్తగారు టూత్‌పేస్ట్ పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. ఆవిడకి తెలిసిన వైద్యం అదే, ప్రేమతోనే తెచ్చారు. నేను "అత్తయ్యగారూ, ఏమీ రాయొద్దు, ముందు బట్టలు విప్పుదాం" అన్నాను. తడిసిన బట్ట వేడిని చర్మానికి అంటిపెట్టి ఉంచుతుంది. డైపర్ అయితే మరీ, వేడి టీ పీల్చుకుని లోపలే దాచుకుంటుంది, అందుకే దాన్ని కూడా వెంటనే తీసేయాలి. మొలతాడు, మురుగులు, గొలుసు, దిష్టి తాడు కూడా తీసేశాం, కాసేపట్లో వాపు వస్తే అవి బిగుసుకుపోతాయి. బట్ట చర్మానికి అతుక్కుపోతే మాత్రం లాగకండి, దాన్ని వదిలేసి చుట్టూ కత్తిరించండి.

తర్వాత నీళ్లు. కుళాయి తిప్పితే మేడ మీద ట్యాంకులో ఎండకి కాగిన నీళ్లు వచ్చాయి! విశాఖలో వేసవి మధ్యాహ్నం ఇది గుర్తుంచుకోవాలి, ముందు మీ చేతి మీద పోసుకుని చూడండి. మేం వంటింట్లో బిందెలో పట్టి ఉంచిన చల్లటి నీళ్లు మగ్గుతో కాలిన చోట మాత్రమే ధారగా పోశాం. ఫోన్‌లో టైమర్ పెట్టుకుని 20 నిమిషాలు. రెండు నిమిషాలకే వాడు ఏడుపు తగ్గించాడు, అక్క "చాల్లేవే" అంది, కానీ నీళ్లు పోయడం ఆపలేదు. పైన టీ కారిపోయినా చర్మం లోపలికి దిగిన వేడి అలాగే ఉంటుంది, గాయాన్ని ఇంకా లోతుకి తీసుకెళ్లేది అదే. కాలిన వెంటనే కుదరకపోయినా, మూడు గంటల లోపు అయితే నీళ్లు పోయడం పనికొస్తుంది.

ఐస్ వద్దు. అది రక్తనాళాలను ముడుచుకునేలా చేసి దెబ్బతిన్న చర్మాన్ని ఇంకా పాడుచేస్తుంది. బిడ్డను మొత్తంగా నీళ్లలో ముంచొద్దు, పసిపిల్లల ఒళ్లు చాలా త్వరగా చల్లబడిపోతుంది. మేం తల, కాళ్లు తువ్వాలుతో కప్పి ఛాతీ ఒక్కటే తడిపాం. వణుకు మొదలైనా, పెదాలు నీలంగా మారినా నీళ్లు ఆపి ఒళ్లు వెచ్చగా కప్పండి.

[దృశ్యం: ఉతికిన నూలు బట్ట]

ఆ పైన ఉతికిన శుభ్రమైన నూలు బట్టను వదులుగా కప్పాం. దూది వద్దు, పీచులు అంటుకుంటాయి. బొబ్బలు చిదమొద్దు. పేస్ట్, పసుపు, నెయ్యి, ఇంకు రాస్తే గాయం ఎంత లోతుందో డాక్టరుకి కనబడదు, దాన్ని గీకి తీసేటప్పుడు ఆ బిడ్డ పడే బాధ చూడలేం.

ఏడాది లోపు బిడ్డకి కాలితే ఎంత చిన్నదైనా డాక్టరుకి చూపించండి. బిడ్డ అరచేతికన్నా పెద్దదైనా, ముఖం, చేతులు, పాదాలు, కీళ్లు, మర్మావయవాల దగ్గరైనా సరాసరి పెద్దాసుపత్రికే, అంటే మన విశాఖలో అయితే కేజీహెచ్, లేదా 108కి ఫోన్. చర్మం తెల్లగా మైనంలా ఉండి, తాకినా బిడ్డ ఏడవకపోతే తగ్గిందనుకోకండి, అది లోతైన గాయం. తర్వాత కొన్ని రోజుల్లో జ్వరం, ఒంటి మీద దద్దుర్లు, వాంతులు, మత్తుగా పడి ఉండటం కనిపిస్తే, గాయం చిన్నదే అయినా ఆ రోజే తీసుకెళ్లాలి.

బాబు ఛాతీ మీద బొబ్బలు లేచాయి, మూడు వారాల లోపే మానిపోయాయి.

ఇప్పుడు వాళ్లింట్లో ఒళ్లో బిడ్డ ఉంటే చేతిలో టీ ఉండదు. గంజి వార్చేటప్పుడు వాణ్ణి ఇంకొకరు ఎత్తుకుని బయట ఉంటారు. స్నానం సంగతి కూడా మారింది. అత్తయ్యగారి చేతులు ఏళ్ల తరబడి వేడి గిన్నెలు పట్టి మొద్దుబారాయి, ఆ అరచేతికి గోరువెచ్చగా అనిపించేది బిడ్డకి చురుక్కుమంటుంది. అందుకే ముందు బకెట్‌లో చన్నీళ్లు, తర్వాత వేణ్ణీళ్లు పోసి, అడుగు దాకా కలిపి, మోచేయి ముంచి చూస్తారు. మోచేతికి వేడి తెలియకూడదు. మరిగిన నీళ్ల గిన్నె, హీటర్ రాడ్ ముందు బయటికి వెళ్తాయి, ఆ తర్వాతే బాబు బాత్రూంలోకి వస్తాడు.