బెల్ మోగకపోతే ఆర్డర్ ఏమైనట్టు?

అందరికీ నమస్కారం. మీలో చాలామంది క్రాన్‌లో నిమిషానికోసారి నడిచే స్క్రిప్టు ఒకటైనా రాసే ఉంటారు. నేనూ రాశాను. షాపు సిస్టమ్‌ని "కొత్త పెండింగ్ ఆర్డర్లు ఉన్నాయా?" అని అడగడం, ఉంటే తెచ్చి ప్యాకింగ్‌కి ఇవ్వడం దాని పని. ఇలా అడగడమే పోలింగ్. ఆ స్క్రిప్టు రోజుకు 1,440 సార్లు అడిగేది. మాకు వచ్చేవి 60 ఆర్డర్లు. అంటే కనీసం 1,380 సార్లు ఉత్తచేతులతో తిరిగొచ్చేది.

అది చూసి వెబ్‌హుక్‌కి మారాం. ఆర్డర్ పడగానే షాపు సిస్టమే మా చిరునామాకి కబురు పంపుతుంది. సగటున అర నిమిషం ఉండే ఆలస్యం ఒకటి రెండు సెకన్లకు దిగింది. బానే ఉంది. ఒక సాయంత్రం కొత్త వెర్షన్ ఎక్కించడానికి సర్వర్‌ని నాలుగు నిమిషాలు ఆపాం. ఆ కాస్సేపట్లో పడ్డ మూడు ఆర్డర్లు మాకు రానేలేదు. మా లాగ్‌లో ఎర్రర్ కూడా లేదు. రాని కబురుకి లాగ్ ఎక్కడిది? కస్టమర్ ఫోన్ చేసి అరిస్తే తెలిసింది.

పంపేవాళ్లు మళ్లీ పంపుతారులే అనుకోకండి. స్ట్రైప్ అయితే లైవ్ మోడ్‌లో మూడు రోజుల దాకా ప్రయత్నిస్తుంది. గిట్‌హబ్ మాత్రం విఫలమైనదాన్ని తనంతట తాను మళ్లీ పంపదు. 10 సెకన్లలో మనం జవాబివ్వకపోయినా విఫలం కిందే లెక్క. మళ్లీ పంపేవాళ్లతో ఇంకో తంటా: ఒకే కబురు రెండుసార్లు రావచ్చు, రద్దు ముందొచ్చి ఆర్డర్ వెనక రావచ్చు.

అందుకే ఇప్పుడు పోలింగ్, వెబ్‌హుక్ రెండూ ఉంచుకున్నాం. వెబ్‌హుక్ మాకు కాలింగ్ బెల్ మాత్రమే. సంతకం సరిచూసి, ఆర్డర్ నంబరు క్యూలో వేసి, వెంటనే 200 ఇచ్చేస్తాం. వివరాలు ఆ కబురులోంచి తీసుకోం, ఏపీఐని అడిగి ఇప్పటి స్థితి తెచ్చుకుంటాం. వరస తప్పినా ఇబ్బంది లేదు. ఆర్డర్ నంబరు మీద `UNIQUE` పెట్టాం కాబట్టి రెండోసారి వచ్చినా రెండో ప్యాకెట్ కట్టం. పది నిమిషాలకోసారి పోలింగ్ కూడా అదే క్యూలో నంబర్లు వేస్తుంది.

పోలింగ్‌లోనూ ఒక గుంట ఉంది, నేను పడ్డాను. "కిందటిసారి తర్వాత వచ్చినవి ఇవ్వు" అని టైమ్‌తో అడిగేవాణ్ని:

```sql
WHERE created_at > :last_run
```

10:00:00కి మొదలైన ఆర్డర్ డేటాబేస్‌లో కమిట్ అయ్యేసరికి 10:00:04 అయింది. మేం 10:00:02కి అడిగాం, కనబడలేదు. తర్వాతిసారి 10:00:02 తర్వాతవి అడిగాం. దాని `created_at` 10:00:00 కాబట్టి అది ఇక ఎప్పటికీ రాదు. ఇప్పుడు ఐదు నిమిషాలు వెనక్కి జరిపి అడుగుతున్నాం; మళ్లీ వచ్చినవాటిని `UNIQUE` ఆపేస్తుంది.

పది నిమిషాల ఆలస్యం పర్వాలేదంటే వెబ్‌హుక్ జోలికే వెళ్లకండి. పబ్లిక్ చిరునామా, సంతకం, క్యూ, అన్నీ అదనపు కాపలా. వెళ్తే మాత్రం ఒక్క లెక్క రాసుకోండి: బెల్ మోగకుండా పోలింగ్‌కి దొరికిన ఆర్డర్లెన్ని? మామూలు రోజున మాకది సున్నా. ఐదు దాటితే నాకు మెసేజ్ వస్తుంది, కస్టమర్ ఫోన్ కంటే ముందే.