కెమెరా డబ్బులు ఏ పద్దులో రాసుకోవాలి

అందరికీ నమస్కారం. నాది వరంగల్, మిద్దె తోట వీడియోలు చేస్తాను. మేడ మీద గాలి ఎక్కువ, ఫోన్‌లో నా మాట కంటే గాలే గట్టిగా వినపడేది. అందుకని మొదట మైక్ కోసమే ఫ్యామిలీ గ్రూప్‌లో "కొంచెం హెల్ప్ చేయండి" అని పెట్టాను. గంటలో బాబాయి 5,000 పంపించాడు, చాలా సంతోషపడ్డాను.

మూడు నెలల తర్వాత వాళ్ల అమ్మాయి ఓణీల ఫంక్షన్. "వీడియో నువ్వే తీస్తావు కదమ్మా" అన్నాడు. కాదనలేకపోయాను. రెండు రోజులు తీయడం, మూడు వారాలు ఎడిటింగ్. ఆ నెలంతా నా చానల్‌లో ఒక్క వీడియో రాలేదు. బాబాయి తప్పేం లేదు. మన ఇళ్లలో పెళ్లిలో ఇచ్చిన ప్రతి రూపాయి చదివింపుల పుస్తకంలో ఎక్కుతుంది, వాళ్లింట్లో శుభకార్యం వచ్చినప్పుడు మనం తిరిగి పెట్టాలి. ఆయన ఆ లెక్కలో ఇచ్చాడు, నేను ఊరికే ఇచ్చాడనుకున్నాను. ఏ లెక్కో ముందే అడగాల్సింది నేను.

అందుకే కెమెరా కొనేటప్పుడు గ్రూప్‌లో పెట్టలేదు. గ్రూప్‌లో అడిగితే ఒకరిని చూసి ఒకరు ఇస్తారు, ఇవ్వలేనివాళ్లు ఇబ్బంది పడతారు. మామయ్య ఒక్కడికే ఫోన్ చేసి 10,000 అప్పుగా అడిగాను, నెలకు వెయ్యి తీరుస్తానన్నాను. "తిరిగి ఇవ్వక్కర్లేదు లేమ్మా" అన్నాడు, నేను ఒప్పుకోలేదు. అప్పయితే తీరిపోతుంది కదా, ఊరికే తీసుకున్నది ఎప్పటికి తీరిందో ఎవరికీ తెలియదు.

చూసేవాళ్లను అడిగే ముందు ఏం కొంటున్నామో పూర్తిగా తెలిసుండాలి. నా ఫ్రెండ్ ఒకతను "ఇకమీదట సౌండ్ క్లియర్‌గా వస్తుంది" అని మాటిచ్చి, వచ్చిన డబ్బులతో సెకండ్ హ్యాండ్ కెనాన్ 1500డి కొన్నాడు. ఇంటికొచ్చి చూస్తే అందులో మైక్ పిన్ పెట్టే చోటే లేదు. డబ్బిచ్చినవాళ్లు కామెంట్లలో "సౌండ్ అలాగే ఉందేంటి బ్రదర్" అంటుంటే పాపం ఏం చెప్తాడు? 200డిలో ఆ చోటు ఉంది, స్క్రీన్ కూడా మనవైపు తిప్పుకోవచ్చు. నేను అదే సెకండ్ హ్యాండ్‌లో చూశాను. నా మైక్ వెంట తీసుకెళ్లి, షాపులోనే పెట్టి పది నిమిషాలు రికార్డు చేసి, ఆ ఫైల్ ఫోన్‌లో విన్నాకే ధర మాట్లాడాను.

లెన్స్‌తో కలిపి 27,000, ఇంకో బ్యాటరీ, కార్డు 2,500, ట్రైపాడ్ 2,000. మొత్తం 31,500. నా దగ్గర 8,500 ఉంది, మామయ్యది 10,000, తక్కువ పడింది 13,000. ఈ లెక్కంతా వీడియోలో కాగితం మీద రాసి చూపించాను. ఒక్కొక్కరు 500 దాటి పంపొద్దన్నాను, ఎందుకంటే 5,000 ఇచ్చినాయన ఫోన్ చేస్తే ఎత్తకుండా ఉండలేం, 300 ఇచ్చినాయన అసలు ఫోనే చేయడు. నెలాఖరుకి 13,000 రాకపోతే ఎవరివి వాళ్లకు వెనక్కి పంపేస్తానని కూడా అప్పుడే చెప్పాను. దానికోసం వేరే అకౌంట్ పెట్టుకున్నాను, ఇంటి ఖర్చుల్లో కలిస్తే ఎవరిదెంతో ఎలా తేలుతుంది?

నేనిచ్చిన మాటలు రెండే: బిల్లు చూపిస్తాను, కొత్త కెమెరాతో తీసిన మొదటి వీడియో పెడతాను. వారానికి మూడు వీడియోలని చెప్పలేదు, కెమెరా వచ్చినంత మాత్రాన నాకు టైమ్ పెరగదు కదా. పేర్లు చదువుతానని కూడా అనలేదు. ఇచ్చినట్టు ఇంట్లో తెలియకూడదనుకునేవాళ్లు ఉంటారు. ఒకాయన 500 పంపి తన నర్సరీ గురించి రెండు మాటలు చెప్పమన్నాడు. అది ప్రకటన అవుతుంది సార్, దాని లెక్క వేరు అని చెప్పి ఆ 500 వెనక్కి పంపాను.

పన్ను సంగతి కూడా చూసుకోండి. బంధువులు కానివాళ్లు కానుకగా ఇచ్చింది ఒక ఆర్థిక సంవత్సరంలో అంతా కలిపి 50,000 దాటితే, దాటినంత మాత్రమే కాదు, మొత్తం ఆదాయంలోకి వస్తుంది. బాబాయి, మేనమామ ఇచ్చింది ఇందులోకి రాదు. కానీ పెదనాన్న కొడుకు మనకు అన్నయ్యే అయినా ఈ చట్టం లెక్కలో బంధువు కాదు.

పదకొండు రోజుల్లో 41 మంది దగ్గర్నుంచి 13,000 వచ్చాయి. అదే రాత్రి క్యూఆర్ కోడ్ తీసేశాను. తీసేలోపు ఇంకో 200 వచ్చింది, దాన్ని కూడా వెనక్కి పంపేశాను. మామయ్య అప్పులో ఇంకా మూడు వేలు ఉంది, సంక్రాంతిలోపు అయిపోతుంది.