ఓటీ డబ్బులు రాకపోతే అర్జీ ఎలా రాయాలి

శ్రోతలకు నమస్కారం. చాలామంది కార్మికులు "మూణ్ణెల్లుగా జీతం లేదు, ఓటీ లెక్కే లేదు, న్యాయం చేయండి" అని రాసి, కింద అందరూ సంతకాలు పెట్టి లేబర్ ఆఫీసులో ఇచ్చేస్తారు. ఎవరికి ఎంత రావాలో అందులో ఉండదు. అసలు పేచీ అక్కడే.

ఒక ప్యాకింగ్ ఫ్యాక్టరీ అనుకుందాం. కాంట్రాక్టరు కింద 18 మంది. ఉదయం 8కి లోపలికి వెళ్తే రాత్రి 7కి బయటికి. భోజనానికి, టీకి కలిపి గంట తీసేయండి, మిగిలింది 10 గంటల పని. అంటే రోజుకు 2 గంటలు ఓటీ. బేసిక్, డీఏ కలిపి జీతం 15,600. దాన్ని 26 రోజులతో భాగిస్తే రోజుకు 600, గంటకు 75. ఓటీకి చట్ట ప్రకారం రెట్టింపు, అంటే గంటకు 150. నెలకు 52 గంటల ఓటీకి 7,800 రావాలి. కాంట్రాక్టరు మాత్రం గంటకు 75 చొప్పున 3,900 చేతిలో పెట్టి, "ఓటీ ఇచ్చాం కదమ్మా" అంటాడు. ఇచ్చాడు, నిజమే. సగమే ఇచ్చాడు! ఒక్కొక్కరికి నెలకు 3,900 బాకీ, 18 మందికి కలిపి 70,200. ఇది ఒక్క నెల ఓటీ మాత్రమే, ఆగిన జీతం వేరు.

ఈ లెక్కనే పట్టికలా గీసి అర్జీకి జత చేయాలి: పేరు, నెల, ఓటీ గంటలు, రావాల్సింది, వచ్చింది, బాకీ. అందరి తరఫునా ఒకే అర్జీ చాలు. రిజిస్టరైన యూనియన్ కూడా వేయవచ్చు. కాంట్రాక్టరు పేరుతో పాటు ఫ్యాక్టరీ యాజమాన్యం పేరు కూడా రాయండి. కాంట్రాక్టరు చేతులెత్తేస్తే కట్టాల్సింది వాళ్లే.

"హాజరు రిజిస్టరు వాళ్ల దగ్గరే ఉంది, మాకు రుజువేదీ?" అని చాలామందికి టెన్షన్. 2025 నవంబరు నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్ ప్రకారం, డబ్బు చెల్లించానని చూపించాల్సిన బాధ్యత యజమానిది. అలాగని మీరు వట్టి చేతులతో వెళ్లకండి. ఎన్నింటికి లోపలికి వెళ్లాం, ఎన్నింటికి బయటికొచ్చాం అని ఏ రోజుకారోజు నోటు పుస్తకంలో రాసుకోండి. అన్నీ ఒకే పెన్నుతో ఒకే రోజు కూర్చుని రాసినట్టుంటే అవతలి వకీలు ఇట్టే పట్టేస్తాడు. బ్యాంకు స్టేట్‌మెంటు, గేటు పాసు జిరాక్స్ కూడా పెట్టండి. నాకైతే నోటు పుస్తకం మీదే నమ్మకం ఎక్కువ.

ఖాళీ వోచరు మీద మాత్రం సంతకం పెట్టకండి. రేపు "మొత్తం ముట్టింది" అని అందులో వాళ్లే రాసుకుంటారు.

అర్జీ వేయడానికి గడువు మూడేళ్లు. బాకీ రుజువైతే దానితో పాటు పరిహారం కూడా ఇమ్మని అధికారి ఆదేశించవచ్చు. అర్జీ రెండు ప్రతులు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకున్నాకే ఆఫీసు మెట్లు దిగండి.