ఇంటర్వ్యూలో చివరి 12 నిమిషాలు: ఎదుటివాళ్లకు ఏం చెప్పి పంపాలి?

అందరికీ నమస్తే. ఈ వీడియో ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్ల కోసం కాదు, ఇంటర్వ్యూ చేసేవాళ్ల కోసం. టీమ్ లీడ్ అయ్యాక మొదటిసారి ప్యానెల్‌లో కూర్చుంటున్నారా? లేదా ఏళ్ల తరబడి కూర్చుంటున్నా, ముగింపు మాత్రం ఎప్పుడూ హడావుడిగానే అయిపోతోందా? అయితే ఇది మీకే.

ఆ హడావుడి ఎలా ఉంటుందో మీకు తెలుసు. గంట ఇంటర్వ్యూలో 57 నిమిషాలు మనమే ప్రశ్నలడుగుతాం. గడియారం చూస్తాం. "మమ్మల్ని అడగాల్సినవి ఏమైనా ఉన్నాయా?" అంటాం. అవతలివాళ్లు మొహమాటపడి "ఏం లేవండీ" అంటారు. "సరే, హెచ్‌ఆర్ వాళ్లు కాల్ చేస్తారు" అని కట్ చేస్తాం. ఆ మనిషి ఇంటికెళ్లి ఆ ఒక్క వాక్యం పట్టుకుని రెండు వారాలు ఫోన్ చూసుకుంటూ కూర్చుంటారు.

మొదట టైమ్ సంగతి. గంట ఇంటర్వ్యూ అయితే 48వ నిమిషానికి ఫోన్‌లో వైబ్రేషన్ అలారం పెట్టుకోండి. అది మోగగానే, కోడింగ్ ప్రశ్న సగంలో ఉన్నా సరే, ఆపేయండి. ఆ చివరి ప్రశ్న పూర్తయితే మీ నిర్ణయం మారిపోయే సందర్భాలు చాలా తక్కువ. ఆపి, ఇలా చెప్పండి: "నా ప్రశ్నలు అయిపోయాయండీ. ఇక నుంచి మీరు చెప్పేదానికి మార్కులు లేవు. ముందు ఈ పని గురించి నేను చెప్తాను, తర్వాత మీరు అడగండి." ఈ మాట అన్నాక చాలామంది కుర్చీలో కాస్త వెనక్కి వాలతారు. అసలు ప్రశ్నలు అప్పుడే వస్తాయి. అయితే ఆ మాట అన్నాక నిజంగానే మార్కులు వేయకండి. "వర్క్ ఫ్రమ్ హోమ్ ఎన్ని రోజులు?" అని అడిగారని ఫీడ్‌బ్యాక్‌లో "కమిట్‌మెంట్ తక్కువ" అని రాస్తే, మీరు ఇచ్చిన మాట తప్పినట్టే.

ఇప్పుడు పని గురించి ఎలా చెప్పాలో ఒక ఉదాహరణతో చూద్దాం. హైదరాబాద్‌లో ఒక పేమెంట్స్ టీమ్ అనుకోండి. నాలుగైదేళ్ల అనుభవమున్న జావా ఇంజనీర్ కావాలి. రోజూ బ్యాంకుల నుంచి వచ్చే సెటిల్‌మెంట్ ఫైళ్లను మన లెక్కలతో సరిపోల్చే సిస్టమ్ అది. కోడ్ పాతది. ఐదుగురు వంతులవారీగా ఆన్‌కాల్ చూస్తారు, అంటే ఒక్కొక్కరికి ఐదు వారాలకోసారి. ఆ వారంలో ఏదైనా రాత్రి రెండింటికి ఫోన్ రావచ్చు.

మామూలుగా మనం ఏం చెప్తాం? "మంచి టీమ్ అండీ, లెర్నింగ్ బాగుంటుంది, గ్రోత్ ఉంటుంది." ఈ మాటలు ఏ కంపెనీకైనా అతుకుతాయి, కాబట్టి వినేవాళ్లకు వీటిలో ఏమీ దొరకదు. వాటి బదులు ఇలా చెప్పి చూడండి.

"మీరు చేరితే మొదటి మూడు నెలలు కొత్త కోడ్ పెద్దగా రాయరు. ఫైళ్లలో తేడాలు ఎక్కడొస్తున్నాయో వెతకడమే ఎక్కువ. ఆ పని కొందరికి విసుగు. కానీ ఆరు నెలలు తిరిగేసరికి డబ్బు ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకి ఎలా కదులుతుందో మీకు అడుగు నుంచి తెలుస్తుంది. ఈ టీమ్‌లో నాకు నచ్చేది అదే. కష్టమైన భాగం ఆన్‌కాల్. ఐదు వారాలకోసారి మీ వంతు వస్తుంది. పోయిన నెల రాత్రి పూట మూడు కాల్స్ వచ్చాయి. ఒకదానికి తెల్లారేదాకా కూర్చున్నాం. ఇది తగ్గించే పని మొదలుపెట్టాం, కానీ ఈ ఏడాదిలో పూర్తవుతుందని మాటివ్వలేను."

గమనించారా? మంచి చెప్పాను, కష్టం కూడా దాని లెక్కతో సహా చెప్పాను. "అప్పుడప్పుడు సపోర్ట్ ఉంటుంది" అంటే వినేవాళ్లు వాళ్లకు అనుకూలంగా అర్థం చేసుకుంటారు. "పోయిన నెల మూడు" అంటే అలా తీసుకోవడానికి వీలుండదు. ఇంట్లో చంటిపిల్ల ఉన్న మనిషి ఆ అంకె తీసుకెళ్లి ఇంట్లో మాట్లాడుకోగలుగుతారు.

"ఇలా చెప్తే పారిపోరా?" అని నన్ను చాలామంది లీడ్‌లు అడిగారు. అమెరికాలో జాన్ వానస్ అనే పరిశోధకుడు 1973లో టెలిఫోన్ ఆపరేటర్ల ఉద్యోగాలమీద ఇదే పరీక్షించి చూశారు. కొందరికి ఉద్యోగంలోని మంచి మాత్రమే చూపించారు, కొందరికి మంచీ చెడూ రెండూ. రెండూ చూసినవాళ్లు చేరడానికి వెనకాడలేదు. చేరాక మానేద్దామన్న ఆలోచన కూడా వాళ్లలో తక్కువగా కనిపించింది. తర్వాత వచ్చిన చాలా అధ్యయనాల్లో ఈ ప్రభావం చిన్నదేనని తేలింది, కాబట్టి నిజం చెప్తే ఎవరూ మానేయరని నేను అనను. కొందరు ఇంటర్వ్యూ దగ్గరే వద్దంటారు. చేరిన రెండో నెలలో వద్దనడం కంటే మీకూ వాళ్లకూ అదే నయం.

మరి చెప్పాల్సిన కష్టం ఏదో ఎలా తెలుస్తుంది? మీరు ఊహించకండి, మీకు అలవాటైపోయి అది కనిపించదు. మీ టీమ్‌లో చేరి ఆరు నెలలైనవాళ్లను టీ దగ్గర ఒక్క ప్రశ్న అడగండి: "చేరకముందు ఏం తెలిసుంటే బాగుండేది?" వాళ్లు ముందుగా చెప్పేదే మీరు ఇంటర్వ్యూలో చెప్పాల్సింది.

ఇక మీ చేతిలో లేనివాటి గురించి మాటివ్వకండి. జీతం, హైక్, ప్రమోషన్, అన్నిటికన్నా ముఖ్యంగా ఆన్‌సైట్. ఇది నాకు జరిగింది కాబట్టి చెప్తున్నాను. ఒక ఇంటర్వ్యూ చివర్లో మేనేజర్ "ఏడాదిలో ఆన్‌సైట్ ఛాన్స్ ఉంటుంది" అన్నారు. ఆయన అబద్ధం చెప్పాలని అనలేదు, ఉత్సాహంలో అన్నారు. నేను ఆ మాట నమ్మి ఇంకో ఆఫర్ వదులుకున్నాను. మా ఇంట్లో ఇల్లు కొనే ఆలోచన కూడా ఆపేశాం. చేరాక తెలిసింది, ఆ క్లయింట్ ఒప్పందంలో ఆన్‌సైట్ పొజిషన్లే లేవు. ఆయన మర్చిపోయిన ఒక్క వాక్యం మీద మేం రెండేళ్లు ఆధారపడ్డాం. అందుకే తెలియనిదాన్ని ఇలా చెప్పండి: "అది నాకు తెలియదండీ. నా దగ్గర రాసుకున్నాను. హెచ్‌ఆర్ మీతో మాట్లాడేటప్పుడు దానికి జవాబు చెప్పేలా చూస్తాను."

అలాగే ఫలితం కూడా చెప్పకండి. ఎంత నచ్చినా "వెల్‌కమ్ టు ద టీమ్" అనొద్దు, "మీరు అదరగొట్టారు" అనొద్దు. మీరు ప్యానెల్‌లో ఒకరు మాత్రమే. మిగతా ఇద్దరు కాదంటే ఆ మాట వెనక్కి తీసుకోలేరు. నచ్చకపోయినా మర్యాదా, వివరాలూ అవే ఉండాలి. పని గురించి చెప్పేది కాస్త తగ్గించవచ్చు గానీ, తర్వాత ఏం జరుగుతుందో మాత్రం పూర్తిగా చెప్పాలి.

ఇప్పుడు ఆ తర్వాతి సంగతి. నాకు బాగా ముఖ్యమైన భాగం ఇదే. "త్వరలో చెప్తాం" అనే మాటను మీ నోటి నుంచి పూర్తిగా తీసేయండి. తేదీ చెప్పండి.

తేదీ ఎలా లెక్కేయాలి? (స్క్రీన్ మీద: జూన్ క్యాలెండర్.) ఇంటర్వ్యూ జూన్ 10, బుధవారం అనుకుందాం. ఇంకో ఇద్దరు క్యాండిడేట్లు ఉన్నారు, వాళ్లవి 15 సోమవారానికి అయిపోతాయి. 16 మంగళవారం ప్యానెల్ కూర్చుంటుంది. అంటే మంగళవారం సాయంత్రానికి తెలుస్తుంది. కానీ క్యాండిడేట్‌కి మంగళవారం అని చెప్పకండి. ఒకరికి ఒంట్లో బాగోక మీటింగ్ వాయిదా పడవచ్చు. రెండు రోజులు కలిపి, 18 గురువారం సాయంత్రం 6 లోపు అని చెప్పండి. ముందే చెప్పగలిగితే సంతోషమే, ఆలస్యమైతే మాత్రం నమ్మకం పోతుంది.

ఆ తర్వాతవి కూడా చెప్పాలి. మన దగ్గర ఐటీలో చాలా కంపెనీల్లో నోటీస్ పీరియడ్ 60 నుంచి 90 రోజులు ఉంటుంది. ఈ క్యాండిడేట్‌కి 90 రోజులనుకుందాం. ఎంపికైతే 22 సోమవారం హెచ్‌ఆర్ జీతం గురించి మాట్లాడతారు. అప్రూవల్స్‌కి ఐదు పని దినాలు, ఆఫర్ లెటర్ 29 సోమవారం చేతికొస్తుంది. 30న రిజైన్ చేస్తే 90వ రోజు సెప్టెంబర్ 28. ఇంటర్వ్యూ జూన్‌లో, చేరేది సెప్టెంబర్ ఆఖర్లో. ఈ లెక్క క్యాండిడేట్ ముందే వేయండి. మీ ప్రాజెక్టుకి ఆగస్టులోనే మనిషి కావాలంటే ఆ ఇబ్బంది ఇప్పుడే బయటపడుతుంది.

ఇక్కడ ఒక మాట తప్పకుండా చెప్పండి: "లెటర్ చేతికి వచ్చేదాకా రిజైన్ చేయకండి. మౌఖికంగా ఎవరు ఓకే అన్నా సరే." అప్రూవల్ దగ్గర పొజిషన్ ఆగిపోవడం జరుగుతుంది. అప్పుడు రెండు ఉద్యోగాలూ పోయేది వాళ్లకే.

తర్వాత ఒక ప్రశ్న అడగండి: "మీరు జవాబు చెప్పాల్సిన వేరే ఆఫర్ ఏదైనా ఉందా, దానికి గడువు ఉందా?" ఎందుకు అడుగుతున్నారో కూడా చెప్పండి. "ఉందండీ, 17వ తేదీ లోపు చెప్పాలి" అంటే, మీరు ప్యానెల్‌ని 16నే కచ్చితంగా కూర్చోబెట్టడానికి కారణం దొరికింది. అది వీలుకాకపోతే "మేం 17 లోపు చెప్పలేకపోవచ్చు" అని అక్కడికక్కడే చెప్పేయండి. కంపెనీ పేరూ, ఎంత ఇస్తున్నారనేదీ అడగకండి. మీకు కావాల్సింది తేదీ ఒక్కటే.

కాల్ ముగిశాక ఇంకో ఐదు నిమిషాల పని ఉంది. ఎక్కువమంది జారిపోయేది ఇక్కడే. మీరు గురువారం అని మాటిచ్చారు, కానీ ఫోన్ చేయాల్సింది హెచ్‌ఆర్. మీరేం చెప్పారో వాళ్లకు తెలియదు. కాబట్టి వెంటనే ఇలాంటి మెసేజ్ పెట్టండి:

"ఈ రోజు 11 గంటల క్యాండిడేట్‌కి 18 గురువారం సాయంత్రం 6 లోపు ఫలితం చెప్తామన్నాను. వేరే ఆఫర్‌కి 17 గడువు. ఆన్‌కాల్ సంగతి చెప్పాను. నైట్ అలవెన్స్ ఎంతో అడిగారు, జవాబు మీ దగ్గర నుంచి రావాలి."

ఆ తర్వాత మీ క్యాలెండర్‌లో 18 మధ్యాహ్నం 3 గంటలకు రిమైండర్ పెట్టుకోండి. మోగినప్పుడు హెచ్‌ఆర్‌ని అడగండి, చెప్పారా లేదా అని. నిర్ణయం ఇంకా కాలేదంటే, అదే మాట చెప్పిస్తూ మెయిల్ పంపించండి: "ఇంకా నిర్ణయం కాలేదు, ప్యానెల్ మీటింగ్ సోమవారానికి మారింది, 23 మంగళవారం లోపు చెప్తాం." కాదనుకున్నా ఆ గురువారమే చెప్పించండి.

కామెంట్లలో మీ టీమ్‌లోని ఆ ఒక్క కష్టమైన విషయం రాయండి. దాన్ని ఇంటర్వ్యూలో ఏ మాటల్లో చెప్పాలో మనం అక్కడే కలిసి చూద్దాం. ఉంటానండీ.